నాలుగో తారీఖు

2024 నవంబరు 4, సోమవారం. తమ్ముడి పరీక్ష ఫీజు 1,500 పంపబోతే ‘బ్యాలెన్స్ చాలదు’ అని వచ్చింది. శ్రావణి లెక్క ప్రకారం ఖాతాలో 1,620 ఉండాలి. ఉన్నది 1,421.

“ఎవడో కార్డు నంబరు కొట్టేశాడే. ముందు బ్లాక్ చేయించు,” అంది పక్క మంచం మీంచి సునీతక్క.

శ్రావణి బ్లాక్ చేయలేదు. బ్యాంకు యాప్‌లో జనవరి నుంచి స్టేట్‌మెంట్ దించింది. ప్రతి నెలా నాలుగో తారీఖున 199. పదకొండు సార్లు. అంటే 2,189 రూపాయలు!

“ఇది కార్డు కాదక్కా. ముందు UPI అని ఉంది, పక్కన MANDATE అని ఉంది. కార్డు ఆపినా ఇది ఆగదు.”

డబ్బు అందుకున్న పేరు మాత్రం ఏ యాప్‌దీ కాదు. మధ్యలో వసూలు చేసిపెట్టే పేమెంట్ కంపెనీది. ఇప్పుడు వాడుతున్న యూపీఐ యాప్‌లో ఆటోపే తెరిస్తే ఖాళీ. అప్పుడు చూసింది, స్టేట్‌మెంట్‌లో తన యూపీఐ ఐడీ చివర @ తర్వాత ఉన్న అక్షరాలు వేరు. జూన్‌లో ఫోను మార్చినప్పుడు మళ్లీ ఎక్కించుకోని పాత యాప్‌వి అవి.

దాన్ని ఎక్కించి, అదే సిమ్‌తో లాగిన్ అయ్యి ఆటోపేలోకి వెళ్లింది. ఒకే ఒక్క మాండేటు. మొదలు: 2023 డిసెంబరు 28. మొదటి చెల్లింపు: 1 రూపాయి.

“ఇంగ్లిష్ యాప్!” అంది శ్రావణి. ల్యాబ్ ఉద్యోగం ఇంటర్వ్యూకి ముందు ఏడు రోజుల ట్రయల్. రూపాయే కదా అని పిన్ కొట్టింది. ఆ పిన్‌తోనే నెలనెలా కోసుకోమని ఒప్పుకున్నట్టయింది.

“యాప్ తీసేశావుగా మరి?”

“యాప్ ఫోన్లోంచి పోయింది. మాండేటు బ్యాంకులో ఉండిపోయింది.”

మెసేజీల్లో 199 అని వెతికింది. కోతకు ముందు రోజు రావాల్సిన కబురు నెలనెలా వచ్చింది, లోన్ ఆఫర్ల మధ్య చదవకుండానే మిగిలిపోయింది.

Revoke నొక్కి యూపీఐ పిన్ కొట్టింది. రద్దయిందని బ్యాంకు మెసేజి రాగానే స్క్రీన్‌షాట్ తీసుకుంది. పోయిన డబ్బు రద్దుతో తిరిగి రాదు. అడిగి చూద్దామని ఇంగ్లిష్ యాప్ కూడా ఎక్కించి, సహాయం పేజీలో మాండేటు నంబరు, పదకొండు తారీఖులూ రాసింది.

బయటికి రాబోతుంటే పైన కనిపించింది: చందా డిసెంబరు 3 వరకు చెల్లుతుంది. మూడో పాఠం దగ్గర ఆగి ఉంది. కింద తన గొంతు రికార్డింగు. నొక్కితే, “మై నేమ్ ఈజ్... ఈజ్...” అని తడబడుతూ పోయినేటి శ్రావణి.

సునీతక్క పకపకా నవ్వింది.

“నవ్వకక్కా, ఈ నెలకి కట్టేశాగా,” అంటూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నాలుగో పాఠం తెరిచింది. మళ్లీ తీసేసి, “ముందు ఓ ఎనభై పంపు. వాడి ఫీజు కట్టాలి,” అంది.