విషయం: చాట్ సమాధానాలు ఇకపై సాధారణ పాఠ్యంలో

గౌరవనీయులైన వినియోగదారులకు,

నమస్కారం. మా సపోర్ట్ చాట్‌లో మేము పంపే సమాధానాలు ఈ సోమవారం నుంచి బోల్డ్, శీర్షికలు, పట్టికలు లేకుండా సాధారణ పాఠ్యంగానే మీకు చేరతాయి.

మేము ఫార్మాటింగ్ కోసం పెట్టే గుర్తులను వెబ్ చాట్ సరిగానే చూపిస్తుంది. కానీ అదే సమాధానం ఎస్సెమ్మెస్‌గానో ఫోన్ నోటిఫికేషన్‌గానో వచ్చినప్పుడు చాలామందికి ఇలా కనిపించింది:

```
**సేవ్** నొక్కి, _మళ్లీ_ లాగిన్ అవ్వండి
```

ఇలాంటి స్టార్ గుర్తులను కూడా పాస్‌వర్డ్‌లో భాగమనుకొని టైప్ చేసిన ఒక వినియోగదారుకు మూడుసార్లు లాగిన్ విఫలమై ఖాతా లాక్ అయింది. ఆ పొరపాటు ఆయనది కాదు, మాది. స్క్రీన్ రీడర్ వాడే మరొకరు, ప్రతి ముఖ్యమైన మాటకు ముందూ వెనకా "స్టార్ స్టార్" అని వినాల్సి వస్తోందని రాశారు. నిజానికి ఈ నిర్ణయం తీసుకోవడానికి ఆ ఉత్తరమే ప్రధాన కారణం.

ఇకపై దశలను 1, 2, 3 అంటూ వేర్వేరు పంక్తుల్లో రాస్తాము. కాపీ చేయాల్సిన కోడ్‌ను లేదా ఆదేశాన్ని, పక్కన ఏ గుర్తూ చేర్చకుండా, విడిగా ఒక సందేశంలో పంపుతాము. పట్టికలకు మాత్రం సాధారణ పాఠ్యం సరిపోదు కాబట్టి, వాటిని ఫైల్‌గా జతచేస్తాము.

మీకు పాత పద్ధతే అనుకూలమైతే చాట్ సెట్టింగ్స్‌లో "ఫార్మాటింగ్ చూపించు" అన్నదాన్ని ఎంచుకోండి. ఇంకా ఎక్కడైనా వింత గుర్తులు కనిపిస్తే, దయచేసి ఈ ఈమెయిల్‌కే జవాబుగా స్క్రీన్‌షాట్ పంపండి. నేనే స్వయంగా చూస్తాను.

భవదీయురాలు,
సపోర్ట్ బృంద నాయకురాలు