స్టాక్, బాండ్ల సాఫ్ట్‌వేర్ కొనుగోలుకు ఆమోదం కోరుతూ ప్రతిపాదన

భాగస్వాములకు,
గుంటూరు కోల్డ్ స్టోరేజీ అకౌంట్స్ విభాగం నుంచి

మిర్చి టిక్కీల రాక, ఛాంబర్ మార్పు, డెలివరీ, బాండ్ల లెక్కలకు రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలని కోరుతున్నాం. మూడేళ్లకు మొత్తం ఖర్చు రూ.11,75,900. ఇప్పుడు అడుగుతున్నది మాత్రం ఒక్క ఛాంబర్‌లో ప్రయోగానికి రూ.2,50,000.

సమస్య ఎక్కడుంది

మన కెపాసిటీ 1,20,000 టిక్కీలు. సరుకు దిగినప్పుడు లెక్క బాగానే ఉంటుంది. తేడా వచ్చేది మధ్యలో, ఒక ఛాంబర్ నుంచి ఇంకో ఛాంబర్‌కి మార్చినప్పుడు. ముఠా మేస్త్రి రాసిన చీటీ ఆఫీసుకు ఆలస్యంగా వస్తుంది, కొన్నిసార్లు రానే రాదు. ఏ లాటు ఎక్కడుందో నిజంగా తెలిసింది ఇద్దరు మేస్త్రీలకే. వాళ్లలో ఒకరు వచ్చే సీజన్ తర్వాత మానేస్తానంటున్నారు.

పోయిన సీజన్‌లో డెలివరీ గొడవలు 61 జరిగాయి. అందులో 38 ఒకరి లాటు బదులు ఇంకొకరిది ఇవ్వడం వల్ల వచ్చినవే. తేజ అడిగిన రైతుకు 341 ఇచ్చి పంపితే గేటు దగ్గర ఎంత రభస అవుతుందో మీరు చూసిందే. పరిహారంగా రూ.4,86,000 కట్టాం. బిల్లు వేయకుండా వదిలేసిన అద్దె రూ.2,40,000. సీజన్‌కు అదనంగా పెట్టుకున్న ఇద్దరు గుమాస్తాల జీతం రూ.1,92,000. అంటే ఏడాదికి రూ.9,18,000.

పరిశీలించిన దారులు

| దారి | మూడేళ్ల ఖర్చు |
|---|---|
| ఇప్పటిలాగే కొనసాగడం | కొత్త ఖర్చు లేదు, పై నష్టం ఆగదు |
| టాలీకి అదనపు మాడ్యూల్ | రూ.3,00,000 |
| రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ | రూ.11,75,900 |
| సొంతంగా తయారు చేయించడం | రూ.23,87,000 |

సొంతంగా చేయిస్తే మనకు కావలసినట్టే వస్తుంది. కానీ ఫిబ్రవరిలో సరుకు మొదలయ్యేలోపు పూర్తికాదు, రాసిన మనిషి వెళ్లిపోతే దిక్కుండదు. ఈ దారి వద్దు.

రెడీమేడ్ ఖర్చు లెక్క ఇది: మూడేళ్ల చందా రూ.4,32,000, ఏర్పాటు, పాత డేటా ఎక్కింపు రూ.1,50,000, లాట్ ట్యాగులు రూ.1,80,000, ఛాంబర్లలో వైఫై రూ.1,40,000, ఆరు స్కానర్లు రూ.1,32,000, ప్రింటర్ రూ.35,000. దీనిపై 10 శాతం అనుకోని ఖర్చులకు కలిపాం. ప్రతి టిక్కీకి ట్యాగు వద్దనుకున్నాం. గోనె మీద తేమకు స్టిక్కర్ నిలవదు, ఖర్చూ ఎక్కువ. లాటు వరసకు కుట్టే ట్యాగులు చాలు.

లాభం ఎంత

పరిహారం సగం తగ్గుతుందని, వదిలేసిన అద్దెలో రూ.1,60,000 వస్తుందని, ఒక గుమాస్తా తగ్గుతారని అనుకుంటే ఏడాదికి రూ.4,99,000 మిగులు. మొదటి ఏడాది సగమే లెక్కేశాం. మూడేళ్లకు రూ.12,47,500. ఖర్చు తీసేస్తే మిగిలేది రూ.71,600.

టాలీ మాడ్యూల్‌తో వదిలేసిన అద్దె ఒక్కటే తిరిగొస్తుంది. అదే పద్ధతిలో లెక్కేస్తే రూ.4,00,000 వచ్చి, ఖర్చు పోను రూ.1,00,000 మిగులుతుంది. డబ్బు లెక్క ఒక్కటే చూస్తే అదే మేలు. అయినా రెడీమేడ్ కోరడానికి కారణం, మాడ్యూల్ బిల్లు వేస్తుంది గానీ టిక్కీ ఎక్కడుందో చెప్పదు. బ్యాంకులు మన బాండు మీద రైతులకు, వ్యాపారులకు అప్పిస్తున్నాయి. తనిఖీకి వచ్చిన అధికారికి సరుకు చూపించలేకపోతే ఆ సీజన్‌కు మన బాండుకు విలువ ఉండదు. ఆ నష్టానికి అంకె వేయలేదు, వేస్తే ఊహే అవుతుంది.

ఒక స్పష్టత: ఈ సాఫ్ట్‌వేర్ కొంటే ఎలక్ట్రానిక్ నెగోషియబుల్ వేర్‌హౌస్ రిసీట్లు ఇచ్చే హక్కు రాదు. దానికి గిడ్డంగుల అభివృద్ధి, నియంత్రణ సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ వేరే ఉండాలి. అమ్మకందారు మాటల్లో ఇది కలిసిపోయింది.

భయాలు

పరిహారం అసలు తగ్గకపోతే మూడేళ్లకు రూ.5,35,900 నష్టం. అన్నిటికన్నా పెద్ద రిస్కు ఇదే, ఇది మేస్త్రీల చేతిలో ఉంది. స్కాన్ చేయకుండా సరుకు కదిలితే ఏ సాఫ్ట్‌వేరూ పనికిరాదు. అందుకే మార్పు పనికి కూలీ లెక్క స్కాన్‌తోనే కట్టాలని, మేస్త్రీలతో ముందే మాట్లాడాలని మా సూచన. ఛాంబర్ గోడల్లోంచి సిగ్నల్ రాదు కాబట్టి నెట్ లేకపోయినా పనిచేసే యాప్ కావాలి. కంపెనీ మూసేస్తే ఇబ్బంది లేకుండా ప్రతి నెలా డేటా ఎక్సెల్‌లో మన చేతికి రావాలి, చందా మూడేళ్లు పెంచకూడదు. రైతుల ఫోన్, బ్యాంకు నంబర్లు తప్ప ఆధార్ కాపీలు ఎక్కించం. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దృష్ట్యా అవసరానికి మించి దాచకపోవడమే మంచిది.

కోరుతున్న ఆమోదం

1. స్టాక్ తక్కువగా ఉండే నవంబర్‌లో మూడో ఛాంబర్‌లో ప్రయోగం, రూ.2,50,000 మించకుండా.
2. డిసెంబర్ 20న టిక్కీలు లెక్కపెట్టి చూస్తాం. వందలో 98 లాట్లు సాఫ్ట్‌వేర్ చెప్పిన చోటే ఉంటేనే మిగతా మొత్తానికి మళ్లీ మీ దగ్గరకొస్తాం. లేకపోతే టాలీ మాడ్యూల్‌తో సరిపెట్టుకుంటాం.
3. అమ్మకందారుకు అడ్వాన్స్ 30 శాతం మించదు.

వైఫై పనికి సమయం పడుతుంది కాబట్టి సెప్టెంబర్ 25లోపు నిర్ణయం తెలిపితే నవంబర్ మొదటి వారానికి అందుతుంది.