రెండుసార్లు పడిన చార్జీలను సరిదిద్ది, పద్దువారీగా బిల్లు ఇవ్వవలసిందిగా విజ్ఞప్తి

విశాఖపట్నం,
20 జూన్ 2025, ఉదయం

బిల్లింగ్ విభాగం మేనేజరు గారికి,

విషయం: ఐపీ నంబరు 4471, పేషెంటు పి. సత్యవతమ్మ, వయసు 67 సంవత్సరాలు, ఆర్థోపెడిక్ విభాగం. 19వ తేదీ సాయంత్రం ఇచ్చిన ₹2,64,380 బిల్లు గురించి.

అయ్యా,

మర్రిపాలెంలోని మా ఇంట్లో స్నానాల గది దగ్గర జారిపడి తుంటి ఎముక విరిగిన మా అమ్మను ఈ నెల 14వ తేదీ రాత్రి మీ ఆసుపత్రిలో చేర్చాము. 16వ తేదీ ఉదయం ఆపరేషన్ జరిగింది. డాక్టరుగారు ఈ రోజు డిశ్చార్జి రాశారు. చికిత్స విషయంలో మాకు ఎలాంటి ఫిర్యాదూ లేదు. వార్డు సిస్టర్లు, ముఖ్యంగా రాత్రి డ్యూటీలో ఉన్నవారు, మా అమ్మను ఎంతో ఓపికగా చూసుకున్నారు. ఈ లేఖ బిల్లు గురించి మాత్రమే రాస్తున్నాను.

అమ్మ పక్కన ఉన్నది మొదటి రోజు నుంచీ నేనే. ఏ మందు ఏ వేళకు ఇచ్చారో, ఏ పరీక్షకు ఎప్పుడు తీసుకెళ్లారో ఒక చిన్న నోటు పుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. ఇది ఎవరినీ అనుమానించి చేసిన పని కాదు. మా తమ్ముడు సాయంత్రం ఫోను చేసి అడిగినప్పుడు ఏదీ మరిచిపోకుండా చెప్పడానికి మొదలుపెట్టింది. నిన్న రాత్రి ఆ పుస్తకాన్ని, ఫార్మసీ ఇచ్చిన చీటీలను, రిపోర్టులను పక్కన పెట్టుకుని మీ బిల్లును వరుసవారీగా చూసినప్పుడు కొన్ని పద్దులు రెండేసిసార్లు పడినట్టు కనిపించింది.

మొదటిది, 15వ తేదీ పరీక్షలు. ఆపరేషన్‌కు ముందు చేసే పరీక్షల ప్యాకేజీ కింద ₹4,800 వేశారు. రక్తపరీక్షలు, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, ఎకో అన్నీ ఆ ప్యాకేజీలోనే ఉన్నాయని కౌంటర్లో ఇచ్చిన కాగితంలో రాసి ఉంది. అయినా ఇన్వెస్టిగేషన్స్ కింద అదే తేదీతో ఎకోకు ₹2,400, ఎక్స్‌రేకు ₹650 మళ్లీ విడిగా వేశారు. మా దగ్గరున్న కవరులో ఎక్స్‌రే ఫిల్ము ఒక్కటే ఉంది, ఎకో రిపోర్టు కూడా ఒక్కటే. రెండోసారి ఆ పరీక్షలు జరగలేదు. ఈ పద్దు కింద ₹3,050 తగ్గవలసి ఉంది.

రెండోది గది అద్దె. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి. 16వ తేదీ ఉదయం అమ్మను ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లే ముందే 312 గదిలోని మా సామాను ఖాళీ చేయమన్నారు. దుప్పటి, ఫ్లాస్కు, మందుల సంచి తీసుకుని నేను కింద లాబీలో కూర్చున్నాను. మధ్యాహ్నం పైకి వెళ్లి చూసేసరికి ఆ పడకలో వేరే పేషెంటు ఉన్నారు. అమ్మ ఆ రాత్రంతా ఐసీయూలోనే ఉండి, 17వ తేదీ సాయంత్రం 4 గంటలకు 318 గదికి వచ్చింది. 16వ తేదీకి ఐసీయూ చార్జీ ₹9,500 వేయడం సరైనదే. కాని అదే తేదీకి షేరింగ్ గది అద్దె ₹3,800 కూడా ఉంది. మేము ఖాళీ చేసిన పడకను అదే రోజు ఇంకొకరికి ఇచ్చిన తరువాత దాని అద్దె మా బిల్లులో ఉండడం న్యాయం కాదు.

మూడోది, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎనాక్సాపరిన్ 40 మి.గ్రా. ఇంజెక్షన్. 16 నుంచి 19 వరకు రోజుకు ఒకటి చొప్పున రాత్రి 8 గంటలకు నాలుగు ఇచ్చారు. బిల్లులో మాత్రం ఎనిమిది ఉన్నాయి. ఫార్మసీ పద్దు జాగ్రత్తగా చూస్తే, 16వ తేదీ రాత్రి 7:14కు నాలుగు, 7:16కు మరో నాలుగు, రెండు వేర్వేరు బిల్లు నంబర్లతో, ఒకే బ్యాచ్ నంబరుతో నమోదయ్యాయి. వార్డు నుంచి వెళ్లిన ఒకే ఇండెంటును సిస్టంలో రెండుసార్లు ఎక్కించి ఉంటారని నాకు అనిపిస్తోంది. వార్డులోని మందుల చార్టు చూస్తే విషయం వెంటనే తేలుతుంది. ఒక్కొక్కటి ₹460 చొప్పున అదనంగా పడినది ₹1,840.

ఇవికాక 18వ తేదీ డ్రెస్సింగ్ ₹600 నర్సింగ్ కింద ఒకసారి, ప్రొసీజర్స్ కింద ఒకసారి ఉంది. ఆ రోజు డ్రెస్సింగ్ మార్చింది ఉదయం ఒక్కసారే. అలాగే వాడకుండా మిగిలిన సెలైన్ బాటిళ్లను, మందులను అదే రోజు ఫార్మసీలో తిరిగి ఇచ్చినందుకు ₹1,285 రిటర్న్ చీటీ ఇచ్చారు. ఆ మొత్తాన్ని బిల్లులో తగ్గించలేదు.

రెండుసార్లు పడినవి ₹9,290, రిటర్న్ ₹1,285 కలిపి మొత్తం ₹10,575 తగ్గవలసి ఉంది. మేము అడ్వాన్సుగా కట్టిన ₹1,00,000 బిల్లులో సరిగానే చూపించారు. కనుక మా లెక్క ప్రకారం చెల్లించవలసిన బాకీ ₹1,64,380 కాదు, ₹1,53,805.

ఇక వివరం లేని పద్దులు. ఓటీ కన్సూమబుల్స్ అని ₹18,740, మిస్సలేనియస్ అని ₹4,200 ఒక్కొక్క వరుసలో మొత్తంగా వేశారు. అందులో ఏమేమి వాడారో, ఎన్ని వాడారో, ఒక్కొక్కటి ఎంత ధరకు వేశారో రాసి ఇవ్వండి. ఇంప్లాంట్ ₹62,000 విషయంలో దాని తయారీ సంస్థ, సైజు, బ్యాచ్ నంబరు ఉన్న స్టిక్కరును, కొనుగోలు బిల్లు నకలును జతచేయండి. రేపు అమ్మ కాలికి ఏదైనా ఇబ్బంది వచ్చి మరో డాక్టరుకు చూపించవలసి వస్తే, లోపల అమర్చినది ఏమిటో చెప్పగలిగే ఆధారం అదే.

మేము ఈ డబ్బును తమ్ముడి ఉద్యోగం ద్వారా వచ్చిన గ్రూపు పాలసీ కింద రీయింబర్స్‌మెంట్‌కు పెట్టుకోవాలి. పద్దువారీగా వివరం లేని మొత్తాలను బీమావారు కోత పెడతారు. ఒకే తేదీకి ఒకే చార్జీ రెండుసార్లు కనిపిస్తే మిగతా క్లెయిము కూడా ఆగిపోవచ్చు. డబ్బు కట్టాక రసీదు మార్పించడం ఎంత కష్టమో మీకు తెలియనిది కాదు. అందుకే చెల్లింపుకు ముందే ఈ సవరణ కోరుతున్నాను.

జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో, చెల్లింపు సమయంలో పద్దువారీ వివరమైన బిల్లు పొందడం రోగి హక్కు అని, చెల్లింపులో వివాదం ఉందన్న కారణంతో రోగిని ఆసుపత్రిలో ఆపకూడదని ఉంది. దీన్ని మీ మీద ఒత్తిడి తేవడానికి ప్రస్తావించడం లేదు. నిన్న కౌంటర్లో ఉన్న అబ్బాయి ‘ముందు కట్టేయండి మేడం, తరువాత చూద్దాం’ అన్నందున గుర్తు చేయవలసి వచ్చింది.

కనుక సవరించిన బిల్లును, ఫార్మసీ పద్దుల ప్రింటును సంతకం, ముద్రతో ఈ రోజు మధ్యాహ్నం 2 గంటలలోపు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. నేను పొరబడిన పద్దు ఏదైనా ఉంటే వార్డు రికార్డుతో చూపించండి, ఒప్పుకుంటాను. సరైన మొత్తం చేతికి వచ్చిన గంటలోనే యూపీఐ ద్వారా చెల్లిస్తాము. ఏ కారణం చేతనైనా సవరణ ఆలస్యమయ్యేట్టయితే, ఓటీ కన్సూమబుల్స్, మిస్సలేనియస్ పద్దులు కూడా పోగా వివాదం లేని ₹1,30,865 ఇప్పుడే కట్టి రసీదు తీసుకోవడానికి సిద్ధంగా ఉన్నాము. మిగిలిన పద్దులు తేలేదాకా అమ్మ డిశ్చార్జిని మాత్రం ఆపవద్దు. వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేయడం నిన్ననే మొదలుపెట్టింది, ఇంటికి వెళ్లాలని పొద్దున్నుంచి ఎదురు చూస్తోంది.

ప్యాకేజీ కాగితం, ఎకో రిపోర్టు, ఫార్మసీ చీటీలు, రిటర్న్ చీటీల నకళ్లతో పాటు, వివాదం ఉన్న వరుసల దగ్గర పెన్సిలుతో గుర్తుపెట్టిన మీ బిల్లు నకలును కూడా జతచేస్తున్నాను. ఈ లేఖ రెండో ప్రతిపై అందినట్టు సంతకం, తేదీ, సమయం వేసి ఇవ్వండి. నేను 318 గదిలోనే ఉంటాను.

ఇట్లు,
పి. లక్ష్మి
(పేషెంటు కుమార్తె)