యాదయ్య దుకాణంల ఉప్పు లెక్క

దేవరకొండ దిక్కు ఒక ఊర్ల యాదయ్యకు కిరాణ దుకాణం ఉంది. ముంగట చిప్స్, మసాలా పుల్లలు, మిక్చర్ ప్యాకెట్ల దండలు ఏలాడుతుంటయి, ఎనక సంచులల్ల పల్లీలు, పుట్నాలు, శనగలు. ఇంటోళ్లు తినేది మాత్రం ముంగట ఏలాడేటియే. సొంత దుకాణమాయె, అడిగేటోడెవడు, చింటుగాడు బడినుంచి రాంగనే బ్యాగు ఇడ్సి దండలకెల్లి ఒకటి తెంపుడు, పెండ్లాం లక్ష్మమ్మ పొద్దుమూకి చాయ్‌ల మిక్చర్ నంజుకునుడు.

లక్ష్మమ్మకు బీపీ అని సర్కారు దవాఖానల చెప్పిండ్రు. గోలీలు ఇచ్చి ఉప్పు తగ్గించుమన్నరు. సరే అని కూరల ఉప్పు తగ్గించింది, తొక్కు ముట్టలే, ఇంటిల్లిపాది సప్పటి పప్పు తిని మొఖాలు ముడుసుకున్నరు. మల్ల పోతే బీపీ గట్లనే ఉంది. నర్సమ్మ, "ప్యాకెట్లు ఏమన్న తింటున్నవా, ఎనక సోడియం అని రాసుంటది, దాన్ని రెండున్నరతోని గుణిస్తె ఉప్పు లెక్క తేల్తది, అన్నీ కలిపి దినానికి 5 గ్రాములు దాటొద్దు" అన్నది.

యాదయ్యకు తెలుగు చదువొస్తది, ఇంగ్లీష్‌ల అంకెలు తప్ప ఏమీ రావు. ప్యాకెట్ మీద ఇంగ్లీషో హిందీయో ఉంటే సాలట, తెలుగు ఉండాల్నని రూలే లేదు, అమ్మేది మనూర్ల, రాసేది మనకు రాని భాషల, గిదేం న్యాయమో. అక్షరాలేమో చీమతలకాయలంత. తొమ్మిదో తరగతి చదివే బిడ్డ స్రవంతి ఫోన్‌ల ఫోటో తీసి పెద్దగ చేసి చూపిచ్చింది.

"నాయినా, గీడ మొదలు ఏముంటే అదే ఎక్కువ ఏసినట్టు, తర్వాతది దానికంటె తక్కువ, గట్ల దిగుకుంట పోతది."

గోధుమ బిస్కెట్ అని కంకి బొమ్మ ఏసిన ప్యాకెట్ తిప్పిండు. మొదలు మైదా, తర్వాత చక్కెర, తర్వాత పామాయిల్, గోధుమ పిండి యాడనో కింద. చక్కెర 100 గ్రాములకు 25. ప్యాకెట్ 200. అంటే 50. యాదయ్య లేసి పాత తరాజు తీసిండు, ఒక తట్టల 50 గ్రాముల రాయి పెట్టి ఇంకో తట్టల చక్కెర పోసుకుంట పోయిండు. ముల్లు సగం లేసింది, ఇంక పోసిండు, ఇంక పోసిండు. తరాజు నిలవడేసరికి తట్టల కుప్ప చూసి చింటుగాడు "నాయినా, ఇదంత నాదేనా" అని సంబురపడ్డడు, ఆని తెలివికి దండం పెట్టాలె.

ఇగ మిక్చర్. సోడియం 100 గ్రాములకు 900 మిల్లీగ్రాములు, రెండున్నరతోని గుణిస్తె ఉప్పు రెండు గ్రాముల పైననే. లక్ష్మమ్మ తినేది 40 గ్రాముల ప్యాకెట్, అంటే దగ్గర దగ్గర గ్రాము, దినం మొత్తానికి 5 అయితే చాయ్‌లకే ఐదో వంతు పాయె. అదే ప్యాకెట్ మీద ఒక్క సర్వింగ్‌కు అని ఇంకో వరుస ఉంది, అండ్ల అంకెలన్నీ చిన్నచిన్నగ ఉన్నయి, ఎందుకంటె సర్వింగ్ అంటే 20 గ్రాములట! ఒక్క ప్యాకెట్‌ను రెండుసార్లు తినేటోణ్ణి నేనైతే సూడలే. "కిలో ధర అడిగితె పావుకిలోది చెప్పినట్టుంది, వీళ్ల ముంగట నేనేం వ్యాపారిని" అని యాదయ్యకు కోపం కంటె మెచ్చుకోలే ఎక్కువ వచ్చింది.

తెల్లారి దేవరకొండ నుంచి లూజు బూందీ, కారం మిక్చర్ ఏసే మనిషి వచ్చిండు. "నూనె ఏది వాడ్తరు, ఉప్పెంత?" అని అడిగితే వాడు నవ్విండు. "ఇన్నేండ్లల్ల గీ మాట అడిగినోడివి నువ్వే సేటూ." ప్యాకెట్‌కైతే ఎనక రాత ఉంది, గీ కవర్ల ఏముందో వానికీ తెల్వదు. ఆ సరుకు ఇంట్లకు పోవద్దన్నడు యాదయ్య, దుకాణంలకైతే రెండు కిలోలు దించుకున్నడు.

ఇంట్ల ఏం తినాలె మరి? ఎనక సంచులే. శనగలు నానబెట్టి గుడాలు, వేంచిన పల్లీలు, పుట్నాలల్ల ఉల్లిగడ్డ నిమ్మకాయ. సకినాలు చేస్తనన్నది లక్ష్మమ్మ. నూనెల కాల్చేదే గద అదీ, ఉప్పు నీ చేతుల ఉంటదిగని పండుగకే చాలన్నడు. చింటుగాడు గుడాల గిన్నె నూకేసి అలిగిండు, ఆదివారం ఒక్క ప్యాకెట్‌కు ఒప్పందమయింది, అదీ ఎనక చదివి వినిపిస్తెనే.

మాపటికి పక్కింటి పోరడు ఐదు రూపాయల చిప్స్‌కు వస్తే యాదయ్య తెంపి ఇచ్చిండు.

స్రవంతి ఊకోలే. "మనింట్ల వద్దని వాళ్లకు అమ్ముతవా? వాళ్ల నాయినకు చెప్పరాదు."

"చెప్త బిడ్డా. ఆయన ఉద్దెర బాకీ ఉన్నడు, ఇప్పుడు చెప్తె అదే సాకు పెట్టి ఇటు దిక్కే రాడు. బాకీ కట్టినంక చెప్త."

"నువ్వు చెప్పకున్నా నేను చెప్త" అని పోరని చేతిలకెల్లి ప్యాకెట్ తీసుకొని ఎనక తిప్పింది.