బత్తుల నిర్మల మేరీ స్కాలర్‌షిప్ దరఖాస్తుకు విచారణ గురువు సిఫారసు లేఖ

పునీత జోజప్ప గారి విచారణ
నరసరావుపేట మండలం, పల్నాడు జిల్లా
12 నవంబర్ 2025

ఉపకార వేతనాల కమిటీ
గుంటూరు మేత్రాసనం

విషయం: బీఎస్సీ నర్సింగ్ మొదటి సంవత్సరం విద్యార్థిని బత్తుల నిర్మల మేరీకి ఆర్థిక సహాయం గురించి

క్రీస్తునందు ప్రియమైన ఫాదర్ గారికి, కమిటీ పెద్దలకు వందనాలు.

నిర్మల మా విచారణ బిడ్డ. నేను 2019లో ఇక్కడికి వచ్చేటప్పటికి ఆరో తరగతి చదువుతోంది. ఈ ఏడాది బైపీసీ పూర్తిచేసి కన్వీనర్ కోటాలో నర్సింగ్ సీటు తెచ్చుకుంది. పూజకు క్రమం తప్పకుండా వస్తుంది, పఠనాలు చదువుతుంది, పాటల బృందంలో ఉంది. ఈ మాటలు మా విచారణలో ఇంకా చాలామంది పిల్లల గురించి రాయగలను. తన గురించి మాత్రమే రాయగలిగినవి వేరే ఉన్నాయి.

మొదటి శుక్రవారాల్లో మంచానపడ్డ వాళ్లకు దివ్యసత్ప్రసాదం తీసుకెళ్తుంటాను. టెన్త్ సెలవుల నుంచి నిర్మల నాతోపాటు వస్తోంది. తెల్లగుడ్డ పరిచి కొవ్వొత్తి వెలిగించడం వరకే తన పని. ఒంటరిగా ఉండే ఒక అవ్వ ఇంట్లో బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు ఒకే బిస్కెట్ డబ్బాలో కలిసిపోయి ఉండటం తనే గమనించింది. అవ్వకు చదువు రాదు. ప్రార్థన అయ్యాక నిర్మల అక్కడే కూర్చుని, డాక్టరు చీటీ చూస్తూ స్కెచ్ పెన్నుతో పొద్దున వేసుకునే షీట్ల మీద సూర్యుణ్ణి, రాత్రి వాటి మీద నెలవంకను గీసింది. ఒక షీటు పేరు చీటీలో కనిపించలేదు. దాని మీద ఏ బొమ్మా గీయకుండా పక్కన పెట్టి, మర్నాడు ఏఎన్ఎంకు చూపించింది. అది పాత మందు అని, ఇక వాడకూడదని ఆమె చెప్పింది. తెలిసింది చేసేవాళ్లు చాలామంది ఉంటారు. తెలియని దగ్గర చెయ్యి వెనక్కి తీసుకోవడం ఆ వయసులో అరుదు. నర్సు కాబోయే పిల్లకు ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ నేనివ్వలేను.

ఇంటర్ చదివిన రెండేళ్లూ చిన్నపిల్లలకు సత్యోపదేశం చెప్పింది. మా ఊళ్లో మిర్చి కోతలు మొదలైతే ఆదివారం కూడా తల్లిదండ్రులు చేలోనే ఉంటారు, పిల్లల్నీ వెంట తీసుకెళ్తారు. క్లాసు ఖాళీ అయిపోతుంటే నిర్మల ఆ పిల్లల్ని తప్పుపట్టలేదు. కోతలు అయ్యేదాకా క్లాసును సాయంత్రం ఏడింటికి, గుడి వరండాలో లైటు కిందికి మార్చింది. తను కూడా పగలంతా తల్లితో కాయలు కోసి వచ్చేది. ప్రథమ దివ్యసత్ప్రసాదానికి ఆ పిల్లలు సిద్ధపడ్డారంటే ఆ సాయంత్రాల వల్లే.

మెతక పిల్ల అనుకుంటే పొరపాటే. పేద కుటుంబాల కోసం మేం సేకరించే పిడికెడు బియ్యం లెక్క కొంతకాలం తనే రాసింది. సంఘపెద్ద ఒకాయన తన బంధువులకు వంతు రాకముందే బియ్యం ఇమ్మన్నారు. "మావయ్యా, లిస్టులో ముందు వేరేవాళ్లున్నారు. మీటింగ్‌లో అడగండి, అందరూ సరేనంటే నేనే తెచ్చిస్తా" అంది. ఆయనకు కోపం వచ్చింది, నా దగ్గరికి కూడా వచ్చారు. పుస్తకం తెప్పించి చూస్తే అందులో తప్పేమీ లేదు. తర్వాతి ఏడాది కూడా లెక్క నిర్మలకే ఇవ్వాలని అన్నది ఆ పెద్దాయనే.

లోటు కూడా చెప్పాలి. తెలుగు మీడియం పునాది వల్ల ఇంగ్లీషులో తడబడుతుంది, మొదటి సంవత్సరం అనాటమీ పుస్తకాలు కష్టపెడతాయి. రెండోది, తన కోసం నోరు తెరిచి అడగదు. హాస్టల్ డబ్బు కట్టలేదన్న సంగతి నాకు తల్లి చెబితే తెలిసింది.

తండ్రి లేడు. తల్లిది మిర్చి కూలీ. కోతలు లేనప్పుడు తొడిమలు తీసే పనికి వెళ్తుంది. తమ్ముడు ఎనిమిదో తరగతి. సొంత పొలం లేదు. ట్యూషన్ ఫీజు వరకు రీయింబర్స్‌మెంట్ మీద ఆశ పెట్టుకున్నారు. హాస్టల్, మెస్, పుస్తకాలు, యూనిఫాం వాళ్లే భరించాలి. ఇప్పటికే డ్వాక్రా అప్పు ఒకటి నడుస్తోంది.

కమిటీకి నా మనవి ఏమిటంటే, ఈ సహాయం ఒక్క ఏడాదికి కాకుండా నాలుగేళ్ల కోర్సుకూ మంజూరు చేయండి. ఏటా మార్కుల పత్రం చూసే కొనసాగించండి, ఆ షరతుకు నిర్మల ఒప్పుకుంది. మా విచారణ తరఫున మొదటి ఏడాది పుస్తకాలు కొనిస్తున్నాం. కాన్వెంటులోని సిస్టర్లు సెలవుల్లో ఇంగ్లీషు చెబుతామన్నారు.

ఇంకా ఏమైనా తెలుసుకోవాలంటే ఉదయం పూజ తర్వాత విచారణ కార్యాలయానికి ఫోన్ చేయండి. ఇంటి పరిస్థితి స్వయంగా చూడాలనుకుంటే రండి, నేనే తీసుకెళ్తాను.

క్రీస్తునందు మీ,
ఫాదర్ కె. ఇన్నయ్య
విచారణ గురువులు