కావ్యకు, చెట్టు పటం గురించి

చి. కావ్యకు,

నీ జవాబుపత్రం చూశాను. గుణకారాలన్నీ సరైనవే, చిక్కంతా చివరి మెట్టులోనే.

సంచిలో 3 ఎర్ర, 2 నీలం బంతులు. ఒకటి తీసి, తిరిగి వేయకుండా రెండోది తీశాం. మొదటి కొమ్మలు 3/5, 2/5. మొదటిది ఎరుపైతే రెండోదీ ఎరుపయ్యే కొమ్మ 2/4, నీలమైతే 3/4. ఈ రెండో వరుస కొమ్మల మీదివే షరతు సంభావ్యతలు. వాటిని నువ్వు చక్కగా రాశావు కూడా!

ఇక ప్రశ్న: రెండోది ఎరుపని తెలిస్తే, మొదటిది ఎరుపయ్యే సంభావ్యత ఎంత? నువ్వు 6/20 దగ్గర ఆగిపోయావు. అది రెండూ ఎరుపయ్యే సంభావ్యత. రెండోది ఎరుపని తెలిశాక, నీలంతో ముగిసే దారులను కొట్టేయి. మిగిలేవి రెండే: ఎరుపు తర్వాత ఎరుపు 6/20, నీలం తర్వాత ఎరుపు 6/20. మొత్తం 12/20. దానితో 6/20ని భాగిస్తే 1/2.

సూత్రం జోలికి ఇప్పుడే పోకు. 4 ఎర్ర, 2 నీలం బంతులతో ఇదే పటం గీసి సోమవారం చూపించు.

నీ లెక్కల టీచర్