మళ్ళీ మళ్ళీ పెరిగే బరువు గురించి నర్సింహకు ఉత్తరం

మిర్యాలగూడ,
12 జూలై 2025.

ప్రియ మిత్రుడు డాక్టర్ నర్సింహకు,

నువ్వు, ఇంట్లో అందరూ క్షేమమని తలుస్తాను. మొన్న మా మేనకోడలి పెళ్ళిలో నా విస్తరి వైపు ఒకసారి, నా పొట్ట వైపు ఒకసారి చూసి, "యాదగిరీ, ఇంక నోరు కట్టుకోరా" అని నువ్వన్నప్పుడు పదిమందితో పాటు నేనూ నవ్వాను గాని, ఇంటికి వచ్చాక ఆ మాట నన్ను వదలలేదు. నోరు కట్టుకోవడం చేతగాని వాణ్ణయితే పదకొండేళ్ళలో మూడుసార్లు, పదకొండు పన్నెండు కిలోల చొప్పున ఎట్లా తగ్గాను? తగ్గడం నాకు వచ్చు. తగ్గినచోట నిలవడమే చేతకావడం లేదు. అది ఎందుకో అడగడానికే ఈ ఉత్తరం. ఫోను చేస్తే నువ్వు రెండు నిమిషాల్లో ఇంకో డైట్ చెప్పి పెట్టేస్తావని కాగితం తీసుకున్నాను.

రైస్ మిల్లులో లెక్కలు రాసేవాణ్ణి కనుక నా బరువు కూడా నోటుబుక్కులో రాసుకుంటూ వచ్చాను. 2014లో 88 కిలోల నుండి 77కు దిగాను; అప్పుడు అన్నం పూర్తిగా మాని, రెండు పూటలా ఒక్కొక్క జొన్నరొట్టె, ఆకుకూర మాత్రమే తిన్నాను. 2016 ఉగాది నాటికి 89 అయ్యాను. 2018లో మన జిల్లాలో ఇంటింటా కొబ్బరినూనె తాగి, పప్పూ బియ్యమూ ముట్టని పద్ధతి నడిచింది గదా, అందులో నేనూ చేరి 91 నుండి 79కి వచ్చాను. పదహారు నెలల్లో 92 అయ్యాను. చివరిది 2023లో, పగటిపూట ఎనిమిది గంటల్లోనే తిని మిగతా పదహారు గంటలు పస్తుండడం. 94 నుండి 83. ఈ ఉదయం కాంటా మీద 97 చూపించింది. ఎత్తు నీకు తెలిసిందే, 168 సెంటీమీటర్లు. అంటే ప్రతిసారీ మొదలుపెట్టిన చోటికి రావడమే గాక, ఒకటి నుండి మూడు కిలోలు మిత్తి కలిపి కట్టినట్టు పైకి పోతున్నాను.

ఇందులో ఒక ముక్క నాకు అర్థమైంది. డైట్ మొదలుపెట్టిన వారంలోనే మూడు కిలోలు పోవడం, అన్నం తినగానే పది రోజుల్లో రెండు కిలోలు తిరిగి రావడం చూసి మొదట్లో బెంబేలెత్తేవాణ్ణి. ఫార్మసీ చదువుతున్న మా అమ్మాయి, కార్బోహైడ్రేటు కాలేయంలోనూ కండరాల్లోనూ గ్లైకోజెన్‌గా నిలువ ఉంటుందనీ, గ్రాము గ్లైకోజెన్ తనతో పాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుందనీ చెప్పింది. మాకు అది కొత్త సంగతి కాదు. 17 శాతం దాకా తేమ ఉన్న వడ్లు దించుకొని ఆరబోస్తే తూకం తగ్గుతుంది, అంతమాత్రాన గింజలు తగ్గాయని ఎవరూ అనరు. కాని ఆ తర్వాత ఏడాదిన్నర పాటు మెల్లమెల్లగా ఎక్కిన మిగతా కిలోలు నీళ్ళు కావు గదా?

నాకు అంతుపట్టనిది 2023 చివర జరిగిన సంగతి. 83కి చేరిన తర్వాత కూడా, తగ్గుతున్నప్పుడు తిన్నంతే తిన్నాను. సాగర్ కాలువ గట్టు మీద ప్రొద్దున గంట నడక కూడా మానలేదు. అయినా ఆరు వారాలు ముల్లు కదలలేదు. నాలుగు నెలల కింద నన్ను తగ్గించిన తిండే ఇప్పుడు ఉన్నచోట నిలబెట్టడానికి సరిపోయింది; దానిపైన పూటకు ఒక రొట్టె పెంచగానే ముల్లు పైకి జరిగింది. నా పక్క కుర్చీలో కూర్చునే కాషియర్ ఇంచుమించు నా ఎత్తే, నా వయసే, ఎప్పటి నుండో 83 కిలోలే. మూడు పూటలా తింటాడు, సాయంత్రం మిర్చీలు కూడా వదలడు. అతని 83, నా 83 ఒకటి కావా? బరువు తగ్గిన ఒళ్ళు, అదే బరువుతో ఎప్పటి నుండో ఉన్న ఒళ్ళు కన్నా తక్కువ ఖర్చు పెడుతుందా?

ఆకలి సంగతి చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది. మా మిల్లులో ఉప్పుడు బియ్యానికి వడ్లు ఉడకబెట్టేటప్పుడు లేచే ఆవిరి వాసన ఇరవై రెండేళ్ళుగా పీలుస్తున్నాను. కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కు మూసుకునే వాసన అది. కాని 83 కిలోలున్న ఆ రోజుల్లో సాయంత్రం నాలుగింటికి ఆ ఆవిరికి నా నోట్లో నీళ్ళూరేవి. కడుపు నిండా తిన్నా గంటకు మళ్ళీ తిండి ధ్యాసే. 90 దాటాక ఆ వాసన మళ్ళీ వట్టి వాసన అయిపోయింది. మనసు గట్టిదో మెత్తదో అయితే అది బరువును బట్టి మారుతుందా, నర్సింహా?

మా అమ్మాయి రెండు పరిశోధనల సంగతి చదివి వినిపించింది. 2011లో ఆస్ట్రేలియా వాళ్ళు ప్రచురించిన దాంట్లో, బరువు తగ్గిన ఏడాది తర్వాత కూడా కొందరిలో ఆకలి పుట్టించే గ్రెలిన్ ఎక్కువగానూ, కొవ్వు నిలువ గురించి మెదడుకు తెలియజేసే లెప్టిన్ తక్కువగానూ ఉన్నాయట. 2016లో అమెరికాలో కెవిన్ హాల్ బృందం, టీవీ పోటీలో బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్షిస్తే, వాళ్ళ శరీరాలు విశ్రాంతిలో ఖర్చు పెట్టవలసిన దానికన్నా రోజుకు సుమారు 500 క్యాలరీలు తక్కువ ఖర్చు పెడుతున్నట్టు తేలిందట. వాళ్ళు యాభై, అరవై కిలోలు తగ్గినవాళ్ళు, ఒళ్ళు వంచి వ్యాయామం చేసినవాళ్ళు. పదకొండు కిలోలు తగ్గిన నాకు ఆ లెక్క ఎంతవరకు వర్తిస్తుందో నువ్వే చెప్పాలి. వర్తించేదైతే, ఈ లోటు మూడు డైట్లకు మూడింతలు అవుతుందా, లేక బరువు తిరిగి పెరిగినప్పుడు పూడిపోతుందా?

ఇంకో అనుమానం కండ గురించి. తగ్గినప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా పోతుందని, పెరిగేటప్పుడు ముందుగా కొవ్వే చేరుతుందని అంటారు. 2014లో 88 కిలోలున్నప్పుడు యాభై కిలోల బస్తాను ఒక్కణ్ణే జరిపేవాణ్ణి. ఇప్పుడు మరొకరి చెయ్యి కావాలి. అందులో వయసు వాటా ఎంత, డైట్ల వాటా ఎంత? జొన్నరొట్టె, ఆకుకూరలతో గడిపిన ఆ నెలల్లో పప్పు, గుడ్లు తినకపోవడం నేను చేసిన తప్పేనా?

నా తప్పులూ దాచను. నోటుబుక్కు తిరగేస్తే, బరువు వేగంగా ఎక్కిన నెలలు ఎక్కువగా వానాకాలం వడ్లు వచ్చే నవంబరు, డిసెంబరు, యాసంగి వడ్లు వచ్చే ఏప్రిల్, మే. ఆ రోజుల్లో రాత్రి రెండింటి దాకా లారీలు దిగుతుంటాయి, నాలుగైదు గంటల నిద్ర, నడక బంద్, చాయ్ మీద చాయ్, దానిలోకి బిస్కెట్లు. కాని సీజను అయిపోయిన తర్వాత కూడా ఆ కిలోలు ఎందుకు పోవు?

రిపోర్టులు జత చేశాను. హెచ్‌బీఏ1సీ 6.1, టీఎస్‌హెచ్ 3.2, బీపీ 138/88, నడుము 112 సెంటీమీటర్లు. మా నాయనకు షుగర్ ఉండేదని నీకు తెలుసు, కనుక ఊరికే అందం కోసం అడగడం లేదు. వారానికొక ఇంజెక్షనుతో ఆకలి తగ్గుతుందని ఇక్కడ కూడా చెప్పుకుంటున్నారు. ఆపేస్తే దానిదీ ఇదే కథ అయితే, మొదలుపెట్టే ముందే తెలియడం మంచిది. నాకు 77 కిలోలు వద్దు. 90కి దిగి పదేళ్ళు అక్కడే ఉండగలిగితే చాలు, దానికి ఏమి తినాలో కన్నా ముందు, ఒళ్ళు నన్ను ఎందుకు వెనక్కి లాగుతున్నదో తెలియాలి.

మిల్లులో ఇప్పుడు సీజను కాదు కనుక 27వ తేదీ ఆదివారం ఉదయం నోటుబుక్కుతో నల్లగొండ వస్తాను. పెళ్ళిలో లాగా కాకుండా, రోగులు వెళ్ళాక ఒక గంట నాకు ఉంచు. రక్తపరీక్ష ఏదైనా ఉంటే పరగడుపున రావాలేమో ముందే ఫోను చేసి చెప్పు. లేకపోతే నేను తినే బయలుదేరుతాను.

నీ మిత్రుడు,
యాదగిరి